ఇంటి నిండా మనుషులున్నా ఒంటరితనం: ఏ లోటో పట్టుకోవడం ఎలా?

ప్రశ్న: నా వయసు 36. పుట్టిల్లు ప్రొద్దుటూరు, పెళ్ళయి పదేళ్ళుగా కర్నూలులో ఉంటున్నాం. అత్తమామలు, మావారు, ఇద్దరు పిల్లలు. అందరూ మంచివాళ్ళే. అపార్ట్‌మెంట్‌లో నలుగురు స్నేహితురాళ్ళున్నారు, నెలకోసారి కలుస్తాం. అయినా రాత్రి భోజనాలయ్యాక అందరూ హాల్లో కూర్చుని మాట్లాడుకుంటుంటే నేనొక్కదాన్నే బయట ఉన్నట్టుంటుంది. స్నేహితుల్ని కలిసొచ్చిన రోజు ఇంకా ఎక్కువ. పెళ్ళికి ముందు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. అమ్మతో చెబితే "నీకేం తక్కువే" అంటుంది. ఎవరితో చెప్పుకోవాలో కాదు మేడమ్, ఏమని చెప్పుకోవాలో తెలియడం లేదు. ఏం చేయాలి?

జవాబు:

అమ్మా, మీ అమ్మగారి మాట దగ్గరే మొదలుపెడతాను. "నీకేం తక్కువే" అన్నప్పుడు ఆమె అబద్ధం చెప్పలేదు. కాకపోతే ఆమె లెక్కపెట్టింది రెండే రెండు: ఆపదొస్తే పరిగెత్తుకొచ్చే మనుషులున్నారా, నీ చేతుల మీదుగా పెరిగే పిల్లలున్నారా అని. మన సీమ ఇళ్ళలో ఈ రెండింటికీ సాధారణంగా కరువుండదు. ఒకరు ఆసుపత్రిలో చేరితే పదిమంది వరండాలో కూర్చుంటారు. కానీ మనిషికి తోటి మనుషుల నుంచి కావలసినవి ఆ రెండే కావు. మిగతావాటిలో ఏది లేకపోయినా ఈ రెండూ ఎంత ఉన్నా ఆ లోటు పూడదు.

ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. రాబర్ట్ వైస్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మొదట్లో మనందరిలాగే అనుకున్నారు. మనిషికి ఇంత సాంగత్యం కావాలని ఒక లెక్క ఉంటుంది, ఒకచోట తగ్గితే ఇంకోచోట నుంచి నింపుకోవచ్చు, ట్యాంకులో నీళ్ళలాగా, ఏ బోరు నుంచి వస్తే ఏం? ఈ ఊహ నిజమో కాదో రెండు చోట్ల చూశారు. మొదటిది, విడాకుల వల్లో, తోడు చనిపోయో ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్నవాళ్ళ సంఘం. అక్కడ వాళ్ళకు స్నేహితులు దొరికారు, కాలక్షేపం దొరికింది. కానీ తోడు లేని వెలితి మాత్రం అలాగే ఉండిపోయింది. రెండోది, దూరప్రాంతాల నుంచి బోస్టన్ దగ్గరికి కాపురం మారిన కొన్ని జంటలు. ఆ ఇళ్ళలో భార్యాభర్తలు బాగానే ఉన్నారు, అయినా కొత్త ఊరిలో స్నేహితులు లేని భార్యలు కుంగిపోయారు. భర్త ఎంత మంచివాడైనా ఆ స్నేహితురాళ్ళ చోటు భర్తీ కాలేదు. 1969లోనే ఆయన ఆ ట్యాంకు లెక్క తప్పని రాశారు. 1973 నాటికి ఒంటరితనాన్ని రెండు రకాలుగా విడదీశారు: మనసు ఆనుకునే ఒక్క మనిషి లేకపోవడం వల్ల వచ్చేది ఒకటి, మనదనుకునే గుంపు లేకపోవడం వల్ల వచ్చేది ఇంకొకటి.

ఈ రెండూ లోపల వేరువేరుగా అనిపిస్తాయి. ఆ ఒక్క మనిషి లేని ఒంటరితనంలో గుండెల్లో ఖాళీ, ఏదో భయం, నలుగురిలో ఉన్నా ఎవరికోసమో వెతుకుతున్నట్టు ఉంటుంది. గుంపు లేని ఒంటరితనంలో భయం కన్నా విసుగు ఎక్కువ. ఏం తోచదు, కాలు ఒక చోట నిలవదు, అందరూ ఎక్కడో కలుసుకుంటున్నారు, నన్నొక్కదాన్నే వదిలేశారు అనిపిస్తుంది.

తర్వాత 1974లో వైస్ దీన్ని ఇంకొంచెం విప్పి, సంబంధాల నుంచి మనకు అందేవి ఆరు అన్నారు. మన మాటల్లో చెప్పాలంటే: మనసు ఆనే మనిషి, ఒకే పడవలో ఉన్న గుంపు, మన పనితనం విలువ తెలిసినవాళ్ళు, ఆపదకు వచ్చేవాళ్ళు, దారి చెప్పే పెద్దవాళ్ళు, మన మీద ఆధారపడినవాళ్ళు. మీ అమ్మగారు లెక్కపెట్టినవి నాలుగోది, ఆరోది. ఈ ఆరూ మీరు కంఠస్థం చేయక్కర్లేదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళకు కూడా మొదట్లో నేను వీటి పేర్లు చెప్పను. చెబితే నచ్చిన పేరును పట్టుకుంటారు, ఎక్కువమంది మొదటిదాన్నే పట్టుకుంటారు. "నన్ను అర్థం చేసుకునే మనిషి లేడు" అనేది అందరికీ తెలిసిన వాక్యం కదా. అది నిజం కాని చోట ఆ వాక్యాన్ని నమ్మితే కాపురం మీదికి వస్తుంది. అలా జరిగిన ఒక కేసు చెబుతాను, ఆ మనిషి గుర్తు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

నేను అనంతపురంలో కౌన్సెలింగ్ చేసే రోజుల్లో 44 ఏళ్ళాయన వచ్చాడు. విత్తనాలు, ఎరువుల అంగడి. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. రోజూ సాయంత్రం అంగడి ముందు నలుగురు స్నేహితులతో టీ. ఆయన మాట ఇది: "మేడమ్, చుట్టూ ఇంతమంది ఉన్నా అడవిలో ఉన్నట్టుంది. నా భార్యకు నేను అర్థం కాను." అప్పటికే భార్యతో అదే మాట అనేసి వచ్చాడు. ఆ అమ్మాయి ఏడ్చి, తర్వాత తన వంతు తాను చేసింది. రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక గంటసేపు పక్కన కూర్చుని "చెప్పండి, ఏమైంది" అని అడిగేది. మూడు వారాల తర్వాత ఇద్దరూ విసిగిపోయారు. ఆయనకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఆమెకేమో తను ఎంత చేసినా చాలడం లేదనిపించింది.

నేను ఆయనకు పైసా ఖర్చు లేని పని ఒకటి ఇచ్చాను. అంగడి చిట్టా పుస్తకంలో వెనక పేజీల మీద పది రోజులు రాయమన్నాను. ఆ అడవిలో ఉన్నట్టు అనిపించిన ప్రతిసారీ మూడు గడులు. ఎన్ని గంటలకు అనేది మొదటిది, చుట్టూ ఎవరున్నారు అనేది రెండోది. మూడో గడి అసలైనది: "ఈ క్షణంలో ఎవరైనా ఏం చేసి ఉంటే నాకు బాగుండేది?" దానికి జవాబు ఒకే వాక్యం, అది తప్పనిసరిగా క్రియతో ముగియాలి. వినాలి, పిలవాలి, మెచ్చాలి, రావాలి, చెప్పాలి, నన్ను అడగాలి, ఇలా. "ప్రేమగా ఉండాలి", "అర్థం చేసుకోవాలి" లాంటివి రాయకూడదని షరతు పెట్టాను. అవి ఏ లోటుకైనా సరిపోయే మాటలు, వాటితో ఏమీ తేలదు.

పది రోజుల్లో పదమూడు సార్లు రాశాడు. అందులో తొమ్మిది ఉదయం పదకొండు లోపల, అంగడిలోనే. రాత్రి, భార్య పక్కన ఉన్నప్పటివి రెండే. మూడో గడిలో ఎక్కువసార్లు కనిపించిన మాట "చెప్పాలి". ఎవరో ఆయన మాట వినడం కాదు, ఆయనకు ఎవరో చెప్పడం. "ఈ రైతుకు ఉద్దెర ఇవ్వచ్చో లేదో ఎవరన్నా చెప్పాలి." "కంపెనీ వాడి కొత్త రకం వేరుశనగ విత్తనం పెట్టాలో వద్దో చెప్పాలి." అప్పుడు అడిగాను, ఇంతకుముందు ఈ విషయాలు ఎవరు చెప్పేవారని. కాసేపు మాట్లాడలేదు. వాళ్ళ మేనమామ. అంగడి పెట్టించింది ఆయనే. రోజూ పొద్దున వచ్చి కుర్చీలో కూర్చుని పేపరు చదువుకునేవాడు, అడిగితే రెండు ముక్కలు చెప్పేవాడు. చనిపోయి ఏడాదిన్నర. అంత్యక్రియలప్పుడు అందరూ మేనత్తను ఓదార్చారు. ఇతనికి ఏం పోయిందో ఇతనికే తెలియలేదు, పోయింది ఒక ముసలాయన, అంతే కదా అనుకున్నాడు.

అంటే ఆయనకు లేనిది మనసు ఆనే మనిషి కాదు, దారి చెప్పే పెద్ద. భార్య ఎంత వింటే మాత్రం ఏం లాభం? ఆమెకు ఉద్దెర లెక్కలు తెలియవు. టీ స్నేహితులతో ఆ మాట ఎత్తలేడు, వాళ్ళలో ఇద్దరు పోటీ అంగళ్ళవాళ్ళు.

అంతటితో కథ అయిపోలేదు. కారణం తెలిస్తే సగం తగ్గినట్టే అంటారు, నా అనుభవంలో అలా ఎప్పుడూ తగ్గలేదు. అదే వ్యాపారంలో ఉండి తప్పుకున్న ఒక పెద్దాయన గుత్తిలో ఉన్నాడని, ఆయన్ను కలుస్తానన్నాడు. మొదటిసారి వెళ్ళి గంట కూర్చుని యోగక్షేమాలు మాట్లాడి వచ్చాడు. "ఏం లాభం లేదు మేడమ్, ఆయన గడియారం చూస్తా ఉన్యాడు" అన్నాడు. నేను చేసిన పొరపాటు ఇక్కడుంది, ఏం అడగాలో ముందే తేల్చుకోకుండా పంపించాను. దారి చెప్పే సంబంధం ప్రశ్నతోనే మొదలవుతుంది, పలకరింపుతో కాదు. రెండోసారి చిట్టా పుస్తకం తీసుకెళ్ళమన్నాను. గడియారం సంగతికి వేరే కారణాలు మూడు రాయమన్నాను. రెండు రాశాడు: మందు వేసుకునే వేళ కావచ్చు, మనవణ్ణి స్కూలు నుంచి తేవాలేమో. రెండోదే నిజమని తర్వాత తెలిసింది. రెండోసారి పది నిమిషాల్లో ముగ్గురు రైతుల ఖాతాలు చూపించి అడిగాడు, పెద్దాయన నలభై నిమిషాలు చెప్పాడు. తర్వాత ప్రతి గురువారం వెళ్ళేవాడు. ఆరు వారాలకు పుస్తకంలో ఎంట్రీలు వారానికి రెండుకు దిగాయి. ఆ మిగిలిన రెండూ మేనమామ మీద బెంగ. అది ఒంటరితనం కాదు, దుఃఖం. దాన్ని ఇంకో పెద్దాయన తీర్చడు, తీర్చాలని మేం ప్రయత్నించలేదు కూడా.

ఈ గడియారం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఎక్కువ కాలం ఒంటరిగా అనిపించిన మనసు కాపలా కుక్కలా తయారవుతుంది. ఎవరు మొహం తిప్పుకుంటారా అని చూస్తూనే ఉంటుంది, మామూలు ఆవలింతను కూడా తిరస్కారంగా చదువుతుంది. షికాగో విశ్వవిద్యాలయంలో జాన్ కాసియోపో ఏళ్ళ తరబడి పరిశోధించింది దీన్నే. ఒంటరితనం తగ్గించే పద్ధతులను పోల్చి చూసి ఆయన బృందం 2011లో ఒక సమీక్ష ప్రచురించింది. కొత్త పరిచయాలు కల్పించడం కన్నా ఈ తప్పు చదువును సరిచేసుకోవడం నేర్పిన పద్ధతులే ఎక్కువ పనిచేశాయని అందులో తేలింది. అందుకే ఎవరైనా "నలుగురిలో తిరగమ్మా, అదే పోతుంది" అంటే నాకు చిరాకు. మీరు తిరుగుతూనే ఉన్నారు కదా, కలిసొచ్చిన రోజే ఎక్కువవుతోందని మీరే రాశారు.

ఇక మీ సంగతి. ఉత్తరం చూసి తీర్పు చెప్పేయలేను, కానీ మీ వాక్యాల్లో నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి. పది రోజుల పుస్తకం వాటిని విడదీస్తుంది.

మీరు అడగకుండానే రాసిన వాక్యం ఒకటుంది, లెక్కలు చెప్పేదాన్నని. ఒంటరితనం గురించి రాస్తూ ఎవరూ ఊరికే పాత ఉద్యోగం ప్రస్తావించరు. మూడో గడిలో "గుర్తించాలి", "నా అభిప్రాయం అడగాలి" లాంటి మాటలు మళ్ళీ మళ్ళీ వస్తే మీకు లేనిది మీ పనితనం విలువ తెలిసినవాళ్ళు. హాల్లో మీ చేతి ఉగ్గాని బాగుందని అందరూ అంటూ ఉండవచ్చు. ఆ మెప్పు దీనికి పనికిరాదు, ఎందుకంటే మీరు మిమ్మల్ని దేనిలో మేటి అనుకుంటారో దాన్ని వాళ్ళు చూడలేదు.

అలా కాక "నా వైపు ఒకసారి చూడాలి", "ఏమైందని మెల్లగా అడగాలి" అని వస్తే, అదీ ఎక్కువగా మీవారు గదిలో ఉన్నప్పుడే వస్తే, అది మనసు ఆనే మనిషి లోటు. దీన్ని తేల్చుకోవడానికి ఒక ప్రశ్న వేసుకోండి: హాల్లో ఉన్న అందరిలో ఒక్కరు, ఒక్కసారి మీ కళ్ళలోకి చూసి నవ్వితే ఆ రాత్రి గడిచిపోతుందా? గడిచిపోతుందంటే ఇదే.

మూడోది, హాల్లో మాటలు దేని గురించి అనేది. అత్తమామల ఊరి మనుషుల గురించి, మీరు చూడని పెళ్ళిళ్ళ గురించి, మీరు పుట్టక ముందటి పొలం తగాదాల గురించీ అయితే, పదేళ్ళయినా ఆ కథల్లో మీరు లేరు. అపార్ట్‌మెంట్ స్నేహితుల మాటలూ పిల్లల మార్కులు, పనిమనిషి సెలవుల చుట్టే తిరుగుతుంటే అక్కడా అంతే. ఇది మనదనుకునే గుంపు లోటు. మూడో గడిలో "నాకు తెలిసిన సంగతి ఎత్తాలి", "నన్నూ లెక్కలోకి తీసుకుని మాట్లాడాలి" అని వస్తుంది, భయం కన్నా విసుగు ఎక్కువ ఉంటుంది. ప్రొద్దుటూరులో మీతో పెరిగినవాళ్ళతో ఫోన్లో మాట్లాడిన రోజు తేలికగా ఉందా లేదా కూడా పక్కన రాసుకోండి.

పది రోజులయ్యాక ఎక్కువసార్లు వచ్చిన క్రియ ఏదో చూసి, ఆ ఒక్క దానికే చిన్న పరీక్ష పెట్టండి. పరీక్ష అంటే ఆ రకం సంబంధాన్ని ఇరవై నిమిషాల పాటు అచ్చంగా పొందే ఏర్పాటు, వారంలో రెండుసార్లు, రెండు వారాలు. ఫలితం చూడాల్సింది అప్పటికప్పుడు కాదు, మర్నాడు. ఉన్నంతసేపు బాగుండి, ఇంటికి రాగానే వెలితి రెట్టింపయితే మీరు పట్టుకున్నది తప్పు రకం. మీ నెలవారీ కలయికలో ఇప్పుడు జరుగుతున్నది అదే. మర్నాడు పొద్దున కూడా కాస్త తేలిక మిగిలి ఉంటే మీ ఊహ సరైనదే.

పనితనం దారి అయితే మీకు వెంటనే తోచేది అపార్ట్‌మెంట్ పిల్లలకు ట్యూషన్. తప్పు కాదు కానీ అక్కడొక గుంట ఉంది. చిన్నపిల్లలకు హోంవర్క్ చేయిస్తే అది మళ్ళీ మన మీద ఆధారపడినవాళ్ళ ఖాతాలో పడుతుంది, అది మీకు ఇప్పటికే నిండి పొంగుతోంది. పనితనాన్ని గుర్తించగలిగేది ఆ పని తెలిసినవాళ్ళే. కాబట్టి మొదటి పరీక్షకు పాత స్కూల్లో మీతో పనిచేసిన లెక్కల టీచరుకు ఫోన్ చేయండి. కుశల ప్రశ్నలు రెండు నిమిషాల్లో ముగించి, "పదో తరగతి పిల్లలు త్రికోణమితిలో ఎక్కడ తడబడుతున్నారు, మీరెలా చెబుతున్నారు?" అని అడగండి. మీకు తోచిన పద్ధతి చెప్పండి. అవతలి మనిషి "ఇది నాకు తట్టలేదే" అన్న క్షణం మీలో ఏం జరిగిందో రాసుకోండి. అది తగిలితే ట్యూషన్ తర్వాత, పెద్ద తరగతులకు.

మనసు ఆనే మనిషి దారి అయితే మీవారితో ఇరవై నిమిషాలు, టీవీ లేని చోట. ఇక్కడ మాట ఎలా మొదలైందన్నదే అంతా. "మీరు నన్ను పట్టించుకోరు" అంటే అది కేసు, ఆయన వాదించుకుంటారు. "ఒంటరిగా ఉంది" అన్నా కష్టమే. మన మగవాళ్ళకు అది రిపేరుకు వచ్చిన బండిలా వినిపిస్తుంది, వెంటనే "శ్రీశైలం పోయొద్దాం" అంటారు. పుస్తకంలోంచి ఒకే ఒక్క ఎంట్రీ తీసి చెప్పండి: "మంగళవారం రాత్రి హాల్లో కూర్చున్నప్పుడు ఇలా అనిపించింది. మీరేం చేయక్కర్లేదు, వినండి చాలు." తర్వాత ఆయన్ను కూడా ఒకటి చెప్పమనండి. రెండోవైపు నుంచి కూడా రాకపోతే ఇది వారం దాటదు. మూడుసార్లయినా ఆయన ఏమీ చెప్పకుండా తల ఊపడమే జరిగితే, అప్పుడు ఇద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళడం మేలు, మీరొక్కరే నెట్టకండి.

గుంపు దారికి మందు నెమ్మదిగా పనిచేస్తుంది. ఒకే మనుషులు, ఒకే చోట, ఒకే పని, వారం వారం. నెలకోసారి అనేది దీనికి చాలా పలుచన. ఎక్కడ వెతకాలన్నది మీ పుస్తకంలో "తెలిసిన సంగతి" అని రాసినదాన్ని బట్టి ఉంటుంది.

ఒక జాగ్రత్త ముందే చెప్పాలి. ఈ పుస్తకం పని అంతా ఒంటరితనానికి. రెండు వారాలకు మించి దాదాపు రోజంతా మనసు దిగులుగా ఉన్నా, ఇదివరకు ఇష్టమైన పని ఏదీ రుచించకపోయినా, నిద్ర, ఆకలి మారిపోయినా అది డిప్రెషన్ కావచ్చు. దానికి చికిత్స వేరు. మూడో గడిలో రోజూ "ఏమీ వద్దు, ఎవరూ వద్దు" అని రాస్తున్నారంటే అది కూడా గుర్తే, ఒంటరితనంలో మనిషికి ఏదో కావాలనే ఉంటుంది. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడ చూపించుకోండి. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు కూడా అడగండి, మీ వయసు ఆడవాళ్ళలో ఇవి ఇదే వేషంలో వస్తాయి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా పది రోజులు ఆగకండి. టెలి మానస్ నంబరు 14416, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

మీ అమ్మగారికి ప్రస్తుతానికి ఏమీ వివరించకండి. మీకే తేలని దాన్ని ఆమెకు చెప్పబోతే మళ్ళీ అదే మాట వింటారు. పుస్తకం ఈ రాత్రి భోజనాలయ్యాకే మొదలుపెట్టండి, పిల్లల పాత నోట్‌బుక్ అయినా చాలు. పదకొండో రోజు నాకు రాసేటప్పుడు ఎవరి పేర్లూ వద్దు, ఏ సంఘటనా వద్దు. మూడో గడిలోని క్రియలు, ఏది ఎన్నిసార్లు వచ్చిందో, అంత రాయండి.